రేవులో ఆగిన సరుకు: కస్టమ్స్ బ్రోకర్‌కు రాయాల్సిన ఉత్తరం

విదేశం నుంచి వచ్చిన సరుకు రేవులో దిగాక ఆగిపోయిందంటే, చాలాసార్లు కారణం సరుకులో ఉండదు, కాగితాల్లో ఉంటుంది. ఆ సంగతి దిగుమతిదారుకు చేరేది ఫోన్లో, రెండు మాటల్లో: ‘డాక్యుమెంట్లు పెండింగ్’. ఏ డాక్యుమెంటు, దానిలో లోపమేమిటి, అది ఎవరి దగ్గర ఉంది, ఒరిజినల్ కావాలా, స్కాన్ కాపీ సరిపోతుందా అన్నవేవీ ఆ రెండు మాటల్లో లేవు. దిగుమతిదారు కూడా ‘కావలసినవన్నీ త్వరగా చూడండి’ అని జవాబు పంపి ఊరుకుంటే, తర్వాతి వారమంతా ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూడటంతోనే గడిచిపోతుంది. ఆ వారానికి అద్దె లెక్క మాత్రం ఆగదు.

కస్టమ్స్ బ్రోకర్ అంటే కస్టమ్స్ శాఖ లైసెన్సు పొంది, దిగుమతిదారు తరఫున ఆ శాఖ ముందు పని నడిపే వ్యక్తి లేదా సంస్థ. పాత పేరు కస్టమ్స్ హౌస్ ఏజెంట్. 2013 నిబంధనలతో పేరు మారినా, రేవుల్లో ఇప్పటికీ ‘సీహెచ్‌ఏ’ అనే అంటారు. ప్రస్తుతం వీరి పనిని నియంత్రిస్తున్నవి 2018 నాటి లైసెన్సింగ్ నిబంధనలు. వాటి ప్రకారం బ్రోకర్ దిగుమతిదారు నుంచి రాతపూర్వక అధికారపత్రం తీసుకోవాలి, చట్టం ఏం కోరుతోందో చెప్పాలి, దాఖలు చేసే సమాచారం సరైనదో కాదో శ్రద్ధగా చూసుకోవాలి. దిగుమతిదారు చట్టాన్ని పాటించకపోతే ఆ విషయాన్ని కస్టమ్స్ అధికారి దృష్టికి తేవడం కూడా అతని బాధ్యతే. కాబట్టి బ్రోకర్ కాగితాలను దాఖలు చేయగలడే గానీ పుట్టించలేడు. ఆయనకు రాసే ఉత్తరం ఈ హద్దును గుర్తుంచుకుని రాయాలి.

బ్రోకర్ కంప్యూటర్లో బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేస్తాడు. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్, ధ్రువపత్రాలు వంటివన్నీ డిజిటల్ సంతకంతో ఈ-సంచిత్ అనే వ్యవస్థలోకి ఎక్కిస్తాడు. ఎక్కించిన ప్రతి కాగితానికీ ఒక గుర్తింపు సంఖ్య వస్తుంది. 2020 నుంచి దేశమంతటా అమల్లో ఉన్న ఫేస్‌లెస్ విధానంలో, విశాఖలో దిగిన సరుకు కాగితాలను వేరే నగరంలో కూర్చున్న అధికారి పరిశీలించవచ్చు. ఆయనకు అనుమానం వస్తే తెరమీదే ‘క్వెరీ’ వేస్తాడు. ఆ క్వెరీలో ఉన్న మాటలే అసలు ఆధారం. బ్రోకర్ గుమస్తా ఫోన్లో చెప్పేది దాని సారాంశం మాత్రమే. ఉత్తరం మొదలుపెట్టే ముందు దిగుమతిదారు చేయాల్సిన మొదటి పని ఆ క్వెరీని ఉన్నదున్నట్టు తెప్పించుకోవడం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. శ్రీకాకుళం జిల్లా పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. స్థానిక పంట చాలక వాటిలో చాలా వరకు ఆఫ్రికా జీడి పిక్కల మీద ఆధారపడతాయి. అలాంటి ఒక ఫ్యాక్టరీ టాంజానియాలోని మ్ట్వారా రేవు నుంచి నాలుగు కంటెయినర్ల పిక్కలు తెప్పించిందనుకుందాం. ఎనభై కిలోల గోనె సంచులు 800, మొత్తం 64 టన్నులు. టన్ను 1,500 డాలర్ల చొప్పున ఎఫ్‌ఓబీ ధర 96,000 డాలర్లు. ఎఫ్‌ఓబీ కాబట్టి ఓడ కిరాయి, బీమా కొన్నవారి ఖర్చు. ఓడ జనవరి 6న విశాఖ చేరింది. బిల్ ఆఫ్ ఎంట్రీ 5వ తేదీనే దాఖలైంది. 8న క్వెరీ వచ్చింది, బ్రోకర్ ఫోన్ చేసి మూడు కాగితాలు లేవని చెప్పాడు. షిప్పింగ్ లైన్ కంటెయినర్లకిచ్చిన ఉచిత గడువు 19వ తేదీతో ముగుస్తుంది.

దాఖలు ముందే జరగడం ఇక్కడ మంచిదైంది. చట్టం ప్రకారం మామూలుగా ఓడ వచ్చే రోజుకు ముందురోజు ముగిసేలోగా బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు కావాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులకు రోజుకు 5,000 రూపాయలు, ఆ తర్వాత రోజుకు 10,000 రూపాయల చొప్పున రుసుము పడుతుంది. ఒరిజినల్ కాగితాలు అందలేదని దాఖలునే ఆపుకున్నవారు తరచూ ఈ రుసుము కడతారు. ఉన్న కాపీలతో ముందు దాఖలు చేసి, లోపాలను తర్వాత పూరించడమే తెలివైన దారి.

లేవన్న మూడింటిలో మొదటిది పుట్టిన దేశపు ధ్రువపత్రం, అంటే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్. బాగా వెనుకబడిన దేశాల సరుకులకు భారత్ 2008 నుంచి సుంకం రాయితీ ఇస్తోంది. టాంజానియా ఆ జాబితాలో ఉంది, దాని కింద అక్కడి జీడి పిక్కలకు దిగుమతి సుంకం పడదు. రాయితీ లేకపోతే 2.5 శాతం సుంకం, దానిమీద పదో వంతు సర్‌చార్జి కలిపి 2.75 శాతం కట్టాలి. ఫ్యాక్టరీ దగ్గర ధ్రువపత్రం ఉంది. కానీ అందులో ఇన్వాయిస్ సంఖ్య 94 అని ఉంది, దాఖలైన ఇన్వాయిస్ సంఖ్య 118. బేరం కుదిరినప్పుడు రాసుకున్న ప్రొఫార్మా సంఖ్యను అక్కడి ఎగుమతిదారు దరఖాస్తులో వేశాడు. అధికారి దృష్టిలో ఆ ధ్రువపత్రం ఈ సరుకుది కాదు.

ఇలాంటి చోట కలంతో 94 కొట్టేసి 118 రాసి పంపడం అన్నిటికన్నా ప్రమాదకరమైన పని. 2020 సెప్టెంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన ఆరిజిన్ నిబంధనలు దీనిపై స్పష్టంగా ఉన్నాయి. ధ్రువపత్రం అసంపూర్ణంగా ఉన్నా, జారీ చేసిన సంస్థ ధ్రువీకరించని దిద్దుబాటు ఉన్నా, గడువు తీరిపోయి ఉన్నా రాయితీని నిరాకరించవచ్చు. దిద్దుబాటు చేయాల్సింది టాంజానియాలో దాన్ని ఇచ్చిన సంస్థే, తన సంతకం, ముద్రతో. అడగాల్సింది అక్కడి ఎగుమతిదారు. బ్రోకర్ చేయగలిగింది, దిద్దిన పత్రం ఏ రూపంలో ఉంటే అధికారి ఒప్పుకుంటాడో ముందే చెప్పడం. అవే నిబంధనల కింద, సరుకు నిజంగా ఆ దేశంలోనే పండిందని చూపే వివరాలు దిగుమతిదారు ఫారం-1లో సిద్ధంగా ఉంచుకోవాలి. అధికారి అడిగితే పది పనిదినాల్లో ఇవ్వాలి. క్వెరీలో ఈ ఫారం ప్రస్తావన ఉందో లేదో చూసుకోవడం అందుకే అవసరం.

రెండోది ఫైటోశానిటరీ సర్టిఫికెట్. పిక్కల్లో పురుగు, తెగులు లేవని ఎగుమతి చేసిన దేశపు వ్యవసాయ శాఖ ఇచ్చే పత్రం ఇది. స్కాన్ కాపీని ఎక్కించారు, కానీ మొక్కల క్వారంటైన్ అధికారులు ఒరిజినల్ అడిగారు. ఒరిజినల్ ఎక్కడుందో కనుక్కుంటే, అది పోలేదు, ఊళ్లోనే బ్యాంకులో ఉంది. ఈ బేరం డబ్బు కడితేనే కాగితాలిచ్చే పద్ధతిలో కుదిరింది. ఎగుమతిదారు ఒరిజినల్ కాగితాల కట్టనంతా, బిల్ ఆఫ్ లేడింగ్‌తో సహా, బ్యాంకు ద్వారా పంపాడు. ఫ్యాక్టరీ సొమ్ము కట్టేదాకా బ్యాంకు ఆ కట్ట విప్పదు. బ్రోకర్‌ను ఎన్నిసార్లు అడిగినా ఈ కాగితం కదలదు. అదే కట్టలో ఉన్న ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్ లేకుండా షిప్పింగ్ లైన్ డెలివరీ ఆర్డరు కూడా ఇవ్వదు. కస్టమ్స్ వదిలేసినా సరుకు కదలని పరిస్థితి అక్కడే వస్తుంది. అంటే ఒక క్వెరీ వల్ల బయటపడిన ఈ లోటు రెండు ఆటంకాలకు మూలం. ఉత్తరంలో ఈ రెండింటినీ కలిపి రాయాలి.

మూడోది ఓడ కిరాయి చెల్లించినట్టు చూపే పత్రం. వింతగా అనిపించినా, ఇది ఫ్యాక్టరీ అకౌంట్ల గదిలోనే ఉంది. ఎఫ్‌ఓబీ బేరం కాబట్టి కిరాయి ఫ్యాక్టరీయే కట్టింది. ఫార్వర్డర్ ఇచ్చిన బిల్లును అకౌంటెంట్ ఖాతాలో వేసి ఫైల్లో పెట్టేశాడు. బ్రోకర్‌కు పంపాలని ఎవరికీ తట్టలేదు. బీమా పాలసీ సంగతీ అంతే. ఈ రెండూ లేకపోతే ఏమవుతుందో లెక్కతో చూస్తేనే తెలుస్తుంది. సుంకం లెక్కించే విలువలో కిరాయి, బీమా కలపాలి. 2007 నాటి విలువ నిర్ణయ నిబంధనల ప్రకారం అసలు కిరాయి తేలకపోతే ఎఫ్‌ఓబీ ధరలో 20 శాతాన్ని కిరాయిగా, బీమా తేలకపోతే 1.125 శాతాన్ని బీమాగా వేస్తారు. ఇక్కడ ఫ్యాక్టరీ నిజంగా కట్టింది నాలుగు కంటెయినర్లకు 7,200 డాలర్ల కిరాయి, 500 డాలర్ల బీమా. పత్రాలుంటే విలువ 1,03,700 డాలర్లు. లేకపోతే కిరాయిగా 19,200, బీమాగా 1,080 కలిపి 1,16,280 డాలర్లు అవుతుంది. తేడా 12,580 డాలర్లు. సుంకం సున్నా అయినా ఆ తేడా మీద 5 శాతం ఐజీఎస్‌టీ, అంటే 629 డాలర్లు అదనంగా కట్టాల్సి వస్తుంది. అది తర్వాత క్రెడిట్‌గా వచ్చినా, ఆ వేళకు నగదు చేతిలోంచి పోయినట్టే. ఆరిజిన్ రాయితీ కూడా పోతే, సరైన విలువ మీదే సుంకం సుమారు 2,852 డాలర్లు పడుతుంది. డాలరు 85 రూపాయలనుకుంటే దాదాపు 2 లక్షల 42 వేల రూపాయలు.

ఇలా చూస్తే మూడు కాగితాలూ మూడు చోట్ల ఉన్నాయి. ఒకటి టాంజానియాలో దిద్దాలి, ఒకటి బ్యాంకులో ఉంది, ఒకటి సొంత ఆఫీసులోనే ఉంది. ఒక్కటీ బ్రోకర్ దగ్గర లేదు. ‘లేని కాగితాలు’ అనే మాట కప్పిపెట్టిన సంగతి ఇదే, ఉత్తరం బయటపెట్టాల్సిందీ ఇదే. అప్పుడు ఉత్తరం బ్రోకర్‌ను తొందరపెట్టే ఫిర్యాదుగా కాక, ఎవరు ఏమివ్వాలో తేల్చే పత్రంగా తయారవుతుంది.

ఒక సరుకుకు ఒకే మెయిల్ వరుస ఉండాలి. విషయం పంక్తిలోనే బిల్ ఆఫ్ ఎంట్రీ సంఖ్య, బీఎల్ సంఖ్య ఉంటే రోజుకు పదుల కన్‌సైన్‌మెంట్లు చూసే గుమస్తా ఫైలు వెతుక్కునే పని తప్పుతుంది. ఫోన్లో మాట్లాడినవి కూడా ఆ మెయిల్లోకి రావాలి. పై ఉదాహరణలో ఫ్యాక్టరీ యజమాని జనవరి 9న రాయదగ్గ ఉత్తరం ఇలా ఉంటుంది.

విషయం: బిల్ ఆఫ్ ఎంట్రీ 4512367, బీఎల్ 7730, జీడి పిక్కలు 4 కంటెయినర్లు – క్వెరీకి కావలసిన కాగితాలు

మేనేజర్ గారికి నమస్కారం.

పై సరుకు గురించి నిన్న మీరు ఫోన్లో చెప్పిన మూడు కాగితాల పరిస్థితి కింద రాస్తున్నాం. 8వ తేదీ క్వెరీ పూర్తి పాఠం, క్వారంటైన్ నుంచి వచ్చిన సమాచారం ఈ రోజే మెయిల్లో పంపండి. ఈ మూడు కాక ఇంకేమైనా అడిగి ఉంటే, వాటిని కూడా ఒకేసారి తెలపండి.

1. సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్: ఇన్వాయిస్ సంఖ్య 118కి బదులు 94 పడింది. దిద్దించి పంపమని ఎగుమతిదారుకు ఈ ఉదయం రాశాం. దిద్దుబాటుకు జారీ చేసిన సంస్థ ముద్ర, సంతకం ఉంటే సరిపోతుందా, లేక కొత్త ధ్రువపత్రం కావాలా? స్కాన్ కాపీ ముందు పెట్టి ఒరిజినల్ తర్వాత ఇవ్వవచ్చా? ఫారం-1 అడిగారా? ఈ మూడింటికీ రేపు మధ్యాహ్నంలోగా జవాబు కావాలి. అది వచ్చాకే ఎగుమతిదారుకు ఖరారుగా చెప్పగలం.

2. ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఒరిజినల్: బ్యాంకులో ఉంది. 10న సొమ్ము కడుతున్నాం. కాగితాల కట్ట చేతికి రాగానే మా మనిషి 12న మీ విశాఖ ఆఫీసుకు స్వయంగా తెస్తాడు. అందులో ఒరిజినల్ బీఎల్ మూడు ప్రతులూ ఉంటాయి. డెలివరీ ఆర్డరుకు షిప్పింగ్ లైన్‌కు కట్టాల్సిన మొత్తం ఎంతో ఇప్పుడే తెలిపితే సిద్ధంగా ఉంచుతాం.

3. ఓడ కిరాయి, బీమా: ఫార్వర్డర్ బిల్లు (7,200 డాలర్లు), బీమా పాలసీ (ప్రీమియం 500 డాలర్లు) ఈ మెయిల్‌తో జతచేశాం. ఈ రోజే ఈ-సంచిత్‌లో ఎక్కించి, వచ్చిన గుర్తింపు సంఖ్యలు పంపండి.

షిప్పింగ్ లైన్ ఉచిత గడువు 19 వరకు అని మా లెక్క. సీఎఫ్‌ఎస్‌లో గడువు ఏ తేదీ వరకో, ఆ తర్వాత రోజుకు ఎంతో రాయండి. దిద్దిన ఆరిజిన్ పత్రం 15లోగా రాకపోతే ఏ దారి పట్టాలో మీ అభిప్రాయం కూడా తెలపండి. మాకు చెప్పకుండా రాయితీ లేని సుంకానికి ఒప్పుకోవద్దు.

ఉత్తరం ఇక్కడితో అయిపోయింది. ప్రతి అంశంలో లోపం ఏమిటి, కాగితం ఎక్కడుంది, ఎవరు ఎప్పటికి ఇస్తారు, బ్రోకర్ నుంచి ఏ జవాబు కావాలి అన్నవి ఉన్నాయి. ‘వీలైనంత త్వరగా’ అనే మాట ఎక్కడా లేదు, దాని బదులు తేదీలున్నాయి. చివరి వాక్యం ప్రత్యేకంగా ముఖ్యమైంది. సరుకు త్వరగా వదిలించాలనే ఆతృతలో బ్రోకర్ రాయితీ వదిలేసుకుంటే, ఒకసారి ఖరారైన లెక్కను తిరిగి మార్పించుకోవడం పెద్ద పని.

రెండు రకాల అద్దెలను వేరుచేసి అడగడానికీ కారణం ఉంది. సరుకు పెట్టిన చోటుకు సీఎఫ్‌ఎస్ తీసుకునేది గ్రౌండ్ రెంటు. తన కంటెయినర్‌ను గడువు దాటి అట్టే పెట్టుకున్నందుకు షిప్పింగ్ లైన్ తీసుకునేది డిటెన్షన్. రెండింటి గడువులు వేరు, లెక్కలు వేరు. ఒకటి ముగియలేదని నిశ్చింతగా ఉంటే రెండోది నడుస్తూనే ఉంటుంది. పైగా జీడి పిక్కలు మూసిన ఇనుప పెట్టెలో చెమ్మ పట్టి బూజెక్కే సరుకు. ఆలస్యం వల్ల పోయేది అద్దె ఒక్కటే కాదు, పప్పు నాణ్యత కూడా.

బ్రోకర్ జవాబులో ఏముండాలో కూడా దిగుమతిదారుకు తెలిసి ఉండాలి. క్వెరీకి జవాబు దాఖలైందంటే సరిపోదు. ఏ కాగితం ఏ గుర్తింపు సంఖ్యతో, ఏ తేదీన ఎక్కిందో రావాలి. క్వెరీ పాఠంలో ఐదు అంశాలుండి బ్రోకర్ మూడే చెప్పి ఉంటే, ఈ దశలోనే బయటపడుతుంది. ఒక్కొక్క అంశానికి ఒక్కొక్కసారి జవాబిచ్చుకుంటూ పోతే ప్రతిసారీ ఫైలు తిరిగి వరుసలోకి వెళ్తుంది. అందుకే అన్నీ ఒకేసారి పెట్టడం మేలు.

దిద్దిన ధ్రువపత్రం అనుకున్న తేదీకి రాకపోతే చట్టంలో రెండు దారులున్నాయి. కస్టమ్స్ చట్టం 18వ సెక్షన్ కింద, కాగితాలు పూర్తికాని సరుకుకు తాత్కాలికంగా సుంకం లెక్కగట్టి, బాండు, హామీ తీసుకుని వదలమని కోరవచ్చు. పత్రం వచ్చాక లెక్క ఖరారవుతుంది. ఇంకా ఎక్కువ కాలం పట్టేలా ఉంటే, 49వ సెక్షన్ కింద అనుమతి తీసుకుని సరుకును గోదాములో పెట్టించవచ్చు. కంటెయినర్లు ఖాళీ అయి తిరిగి వెళ్లిపోతాయి కాబట్టి డిటెన్షన్ ఆగుతుంది. ఈ రెండింటికీ దరఖాస్తు చేసేది బ్రోకర్ ద్వారానే. కానీ అడగాల్సింది దిగుమతిదారు, అదీ గడువు ముగిసే రోజున కాదు, ముందే. అసలు పట్టించుకోకుండా వదిలేస్తే, సరుకు దిగిన 30 రోజుల్లో విడిపించుకోనప్పుడు, నోటీసు ఇచ్చి కస్టమ్స్ అనుమతితో దాన్ని అమ్మే అధికారం సరుకును కాపాడుతున్న సంస్థకు 48వ సెక్షన్ ఇస్తోంది.

ఉత్తరంలో రాయకూడనిది ఒకటుంది. ‘ఎలాగోలా సర్దేయండి’, ‘పాత సరుకు ధ్రువపత్రం పెట్టి చూడండి’ వంటి మాటలు. తప్పుడు పత్రం వాడితే సరుకును స్వాధీనం చేసుకోవచ్చు, తెలిసి చేసినవారిపై జరిమానా పడుతుంది. అలాంటి మాట మెయిల్లో ఉంటే అదే సాక్ష్యం అవుతుంది. అడిగినవాడికీ చేసినవాడికీ ఇద్దరికీ ముప్పే. బ్రోకర్ నిరాకరిస్తే అతను తన లైసెన్సు నిబంధనలను పాటిస్తున్నట్టే లెక్క.

సరుకుకు అవుట్ ఆఫ్ చార్జ్ ఉత్తర్వు వచ్చి లారీలు పలాస చేరాక కూడా మెయిల్ వరుసను, దిద్దిన ధ్రువపత్రాన్ని, దానికి ఆధారమైన వివరాలను ఒకే ఫైల్లో భద్రపరచాలి. రాయితీ కోరినవారు ఆరిజిన్ సమాచారాన్ని బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలైన తేదీ నుంచి కనీసం ఐదేళ్లు ఉంచుకోవాలని నిబంధన చెబుతోంది. ఆ కాలంలో శాఖ ఎప్పుడైనా అడగవచ్చు.